కార్డులో ఒక మొత్తం, పట్టికలో మరో మొత్తం

వ్యాపార సంస్థలు రోజూ చూసుకునే డాష్‌బోర్డుల్లో సాధారణంగా రెండు భాగాలుంటాయి. పైన నెల అమ్మకాలు, పన్ను, బకాయిలు వంటి మొత్తాలను పెద్ద అక్షరాల్లో చూపే పెట్టెలుంటాయి. వీటిని సమ్మరీ కార్డులంటారు. కింద ఒక్కో బిల్లునూ ఒక్కో వరుసలో చూపే వివరాల పట్టిక ఉంటుంది. రెండూ ఒకే డేటాబేసు నుంచి వస్తాయి కాబట్టి పట్టికలోని అంకెలన్నీ కూడితే కార్డులోని అంకె రావాలి. చాలాసార్లు వస్తుంది కూడా. కొన్నిసార్లు మాత్రం ఒక పైసానో, అయిదు రూపాయలో తేడా పడుతుంది. రిఫ్రెష్ నొక్కితే ఆ తేడా మాయం కావచ్చు, మరోసారి నొక్కితే తిరిగి రావచ్చు.

ఇలాంటి తేడా కనిపించగానే ఏదో బిల్లు తప్పిపోయిందన్న అనుమానం వస్తుంది. చాలా సందర్భాల్లో బిల్లులన్నీ ఉంటాయి. లెక్కలో రౌండాఫ్ ఎక్కడ చేశారు, కంప్యూటర్ ఆ సంఖ్యను ఏ రూపంలో దాచుకుంది, ఏ వరుసలో కూడింది అన్న మూడు విషయాల్లోనే తేడా పుడుతుంది. ఈ మూడింటినీ విడివిడిగా చూస్తే ఏది ఎంత తేడా తెస్తుందో, దాన్ని ఎలా ఆపాలో తెలుస్తుంది.

ఒకే అమ్మకానికి మూడు మొత్తాలు

ఒక దుకాణంలో పన్ను కలపక ముందు ₹53.50 ధర ఉన్న సరుకు ఉందనుకుందాం. దాని మీద జీఎస్టీ 5 శాతం. లెక్క ప్రకారం పన్ను 2 రూపాయల 67 పైసల మీద అర పైసా, అంటే 2.675. బిల్లు మీద అర పైసా వేయడం కుదరదు కాబట్టి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని ₹2.68 చేస్తుంది. ఆ నెలలో ఆ సరుకు 1000 బిల్లుల్లో ఒక్కొక్కటి చొప్పున అమ్ముడుపోయింది.

వివరాల పట్టిక ప్రతి బిల్లులోనూ ₹2.68 చూపుతుంది. అలాంటి 1000 వరుసలను కూడితే ₹2,680.00 వస్తుంది. కార్డు తయారుచేసిన వ్యక్తి మరో దారిలో వెళ్లాడు. ముందు ధరలన్నీ కూడి ₹53,500 తెచ్చాడు, దాని మీద 5 శాతం లెక్కగట్టాడు, చివర్లో రౌండాఫ్ చేశాడు. అతనికి ₹2,675.00 వచ్చింది. ఇద్దరి లెక్కలోనూ గణితపరంగా తప్పు లేదు. ఒకరు రౌండాఫ్ చేసి కూడారు, ఇంకొకరు కూడి రౌండాఫ్ చేశారు. డేటాబేసు భాషలో ఈ రెండు దారులూ ఇలా ఉంటాయి:

```sql
SELECT SUM(ROUND(taxable * 0.05, 2)) FROM invoice_lines;
SELECT ROUND(SUM(taxable * 0.05), 2) FROM invoice_lines;
```

రెంటిలోనూ ఉన్న పదాలు అవే, వాటి వరుస ఒక్కటే మారింది. తేడా అయిదు రూపాయలు. ఒక్కో వరుసలో రౌండాఫ్ వల్ల అర పైసాకు మించి తేడా రాదు కాబట్టి 1000 వరుసల్లో రాగల గరిష్ఠ తేడా సరిగ్గా అయిదు రూపాయలే. ఇక్కడ సరుకూ ధరా ఒకటే కావడంతో ప్రతి వరుసా ఒకే వైపు, అదీ పూర్తిగా అర పైసా చొప్పున ఒరిగింది. రకరకాల ధరలున్న దుకాణంలో కొన్ని వరుసలు పైకి, కొన్ని కిందికి ఒరిగి చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అప్పుడు 1000 వరుసలకు మామూలుగా పడే తేడా పది పైసల దరిదాపుల్లోనే ఉంటుంది. అందుకే పరీక్ష సమయంలో నాలుగైదు బిల్లులతో చూసినప్పుడు ఈ దోషం బయటపడదు. ఒకే ధర సరుకు వేల సంఖ్యలో అమ్మే చోట మాత్రం మొదటి నెలలోనే కనిపిస్తుంది.

మూడో మొత్తం కూడా ఒకటుంది. అది ₹2,670.00. ఇది మాత్రం నిజంగానే తప్పు. అది ఎలా వస్తుందో తెలియాలంటే కంప్యూటర్ దశాంశాలను దాచుకునే పద్ధతి చూడాలి.

యంత్రంలో 2.675 లేదు

చాలా ప్రోగ్రామింగ్ భాషలు దశాంశ సంఖ్యలను ఫ్లోటింగ్ పాయింట్ అనే రూపంలో దాస్తాయి. దీనికి 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం ఆధారం. దాని రూపకల్పనలో ప్రధాన పాత్ర పోషించిన విలియం కహన్‌కు 1989లో ట్యూరింగ్ అవార్డు దక్కింది. ఈ ప్రమాణంలో ఎక్కువగా వాడే ‘డబుల్’ రూపం ఒక్కో సంఖ్యకు 64 బిట్లు కేటాయిస్తుంది. అందులో సంఖ్య ఖచ్చితత్వానికి 53 బిట్లు పనికొస్తాయి. మన లెక్కలో చెప్పాలంటే సుమారు 15 నుంచి 17 అంకెల వరకు నమ్మవచ్చు.

చిక్కు అంకెల సంఖ్యలో లేదు, అవి రెండు ఆధారంగా ఉండడంలో ఉంది. పది ఆధారంగా రాసే మన పద్ధతిలో మూడింట ఒక వంతును 0.3333 అంటూ ఎంత దూరం రాసినా పూర్తికాదు. రెండు ఆధారంగా ఉండే బైనరీలో పదింట ఒక వంతుకూ అదే గతి. అర, పావు, పావులో సగం వంటివి మాత్రమే అందులో సరిగ్గా ఇముడుతాయి. అంటే 50 పైసలు, 25 పైసలు, 75 పైసలు బైనరీలో ఖచ్చితంగా ఉంటాయి. రూపాయిలోని మిగతా పైసల విలువలన్నీ దగ్గరి సంఖ్యలుగానే దాగుతాయి.

2.675కు అత్యంత దగ్గరగా ఉన్న డబుల్ సంఖ్య 2.67499999999999982 చిల్లర. అది అసలు విలువకు ఒక వెంట్రుకవాసి తక్కువ. దాన్ని రెండు దశాంశ స్థానాలకు రౌండాఫ్ చేయమంటే యంత్రం నిజాయితీగా 2.67 ఇస్తుంది, ఎందుకంటే దాని దగ్గరున్న సంఖ్య సగానికి చేరనే లేదు. ఇంకా విచిత్రం ఏమిటంటే 5 శాతాన్ని ఏ రూపంలో రాశారన్న దాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. పైథాన్‌లో ఇలా కనిపిస్తుంది:

```python
>>> 53.5 * 0.05
2.6750000000000003
>>> 53.5 * 5 / 100
2.675
>>> round(53.5 * 0.05, 2)
2.68
>>> round(53.5 * 5 / 100, 2)
2.67
```

0.05 కూడా బైనరీలో సరిగ్గా ఇమడదు. దాని డబుల్ రూపం అసలు విలువ కన్నా కొంచెం ఎక్కువ. దానితో గుణిస్తే ఫలితం సగానికి పై వైపున పడి 2.68 అయింది. అయిదుతో గుణించి వందతో భాగిస్తే 267.5 వరకు లెక్క ఖచ్చితంగానే సాగి, చివరి భాగహారంలో సగానికి కింది వైపున పడి 2.67 అయింది. రెండో వరుసలో తెర మీద 2.675 అనే కనిపిస్తోంది. భాషలు సంఖ్యను అచ్చువేసేటప్పుడు దాన్ని తిరిగి గుర్తుపట్టడానికి చాలినన్ని అంకెలే చూపుతాయి కాబట్టి లోపలి లోటు బయటికి రాదు.

పట్టిక రాసిన వ్యక్తి మొదటి రూపాన్నీ, కార్డు రాసిన వ్యక్తి రెండో రూపాన్నీ వాడి, ఇద్దరూ వరుసవరుసకూ రౌండాఫ్ చేశారనుకుంటే పట్టికలో ₹2,680, కార్డులో ₹2,670 వస్తాయి. ఇద్దరూ ఒకే నియమం పాటించినట్టే లెక్క, అయినా పది రూపాయల తేడా. కోడ్ చదివితే దోషం కనబడకపోవడమే ఇందులోని కష్టం.

సరిగ్గా సగం వచ్చినప్పుడు

యంత్రం విలువను ఖచ్చితంగా దాచగలిగిన చోట కూడా మరో ప్రశ్న మిగులుతుంది. సరిగ్గా సగం వస్తే ఎటు వెళ్లాలి? బడిలో నేర్పే పద్ధతి సగాన్ని పైకి తీసుకెళ్లడం. భారతదేశంలో జీఎస్టీ చట్టం కూడా అదే చెబుతుంది. 2017 కేంద్ర జీఎస్టీ చట్టంలోని 170వ సెక్షన్ ప్రకారం చెల్లించాల్సిన పన్నును దగ్గరి రూపాయికి సరిచేయాలి. 50 పైసలు, అంతకు మించితే ఒక రూపాయి చేయాలి, తక్కువైతే వదిలేయాలి.

అనేక సాఫ్ట్‌వేర్లు మరో పద్ధతి వాడతాయి. సగం వస్తే దగ్గరలోని సరి సంఖ్య వైపు వెళ్తాయి. దీనికి బ్యాంకర్స్ రౌండింగ్ అని పేరు. 2.5ను 2గానూ, 3.5ను 4గానూ మార్చడం వల్ల పెద్ద మొత్తాల్లో ఒకవైపు ఒరుగుడు తగ్గుతుందన్నది దీని వెనక ఆలోచన. పైథాన్‌లోని `round` ఈ పద్ధతినే పాటిస్తుంది. ఎక్సెల్‌లోని `ROUND` మాత్రం సగాన్ని సున్నా నుంచి దూరంగా నెడుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో అయితే ఒకే `round` రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. కాలమ్ రకం `numeric` అయితే సగం సున్నా నుంచి దూరంగా వెళ్తుంది. `double precision` అయితే చాలా యంత్రాల్లో సరి సంఖ్య వైపు వెళ్తుంది. కార్డు మొత్తాన్ని డేటాబేసులోనూ, పట్టిక వరుసలను బ్రౌజర్‌లోనూ రౌండాఫ్ చేస్తే రెండు చోట్లా రెండు నియమాలు నడుస్తున్నట్టే.

సరుకు వాపసు వచ్చినప్పుడు ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. జావాస్క్రిప్ట్‌లోని `Math.round` 267.5 పైసలను 268 చేస్తుంది. అదే వాపసు బిల్లులో −267.5ను −267 చేస్తుంది, ఎందుకంటే అది సగాన్ని ఎప్పుడూ పెద్ద సంఖ్య వైపే తీసుకెళ్తుంది. అమ్మకం, వాపసు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవాల్సింది పోయి ఖాతాలో ఒక పైసా మిగిలిపోతుంది. ఎన్ని వాపసులుంటే అన్ని పైసలు. మొత్తం వెనక్కి వచ్చిన సరుకు మీద పన్ను సున్నా కాకుండా చిల్లర పైసలు కనిపిస్తే ముందుగా రుణ సంఖ్యల రౌండాఫ్‌ను అనుమానించాలి.

రిఫ్రెష్ చేసినప్పుడల్లా మారే అంకె

ఇంతవరకు చెప్పిన తేడాలు స్థిరంగా ఉంటాయి. ఎన్నిసార్లు రిఫ్రెష్ చేసినా అయిదు రూపాయల తేడా అయిదు రూపాయలుగానే కనిపిస్తుంది. తేడా వస్తూ పోతూ ఉంటే దాని కారణం వేరు.

ఫ్లోటింగ్ పాయింట్ కూడికలో ప్రతి మెట్టు దగ్గరా ఫలితాన్ని 53 బిట్లకు సరిచేయాలి. అందుకే కూడే వరుస మారితే ఫలితం మారుతుంది. 0.1, 0.2 ముందు కూడి తర్వాత 0.3 కలిపితే 0.6000000000000001 వస్తుంది. 0.2, 0.3 ముందు కూడి 0.1 కలిపితే 0.6 వస్తుంది. పెద్ద పట్టికను కూడేటప్పుడు ఆధునిక డేటాబేసులు వరుసలను కొన్ని భాగాలుగా పంచి, భాగాలను ఒకేసారి కూడి, చివర్లో ఆ ఉప మొత్తాలను కలుపుతాయి. ఏ భాగంలో ఏ వరుసలు పడతాయి, ఏ భాగం ముందు పూర్తవుతుంది అన్నది ప్రతిసారీ ఒకేలా ఉండదు. కాబట్టి డేటాలో ఒక్క అక్షరం మారకపోయినా రిఫ్రెష్ చేసిన మొత్తం చివరి అంకెల్లో మారవచ్చు.

ఈ మార్పు పరిమాణం చాలా చిన్నది. లక్ష రూపాయల స్థాయి మొత్తంలో పదో దశాంశ స్థానం తర్వాత ఎక్కడో ఉంటుంది. అయినా అది రెండు సందర్భాల్లో తెర మీదికి వస్తుంది. ఒకటి, అసలు మొత్తం సగం అంచు మీద ఉన్నప్పుడు. నెల మొత్తం ₹1,24,350.50 అనుకుంటే యంత్రం దగ్గర ఒకసారి 124350.50000000001, మరోసారి 124350.49999999999 ఉండవచ్చు. పూర్తి రూపాయల్లో చూపే కార్డు మొదటిసారి 1,24,351 అనీ, రెండోసారి 1,24,350 అనీ చెబుతుంది. రెండోది, ప్రోగ్రాం రెండు మొత్తాలూ సమానమా అని నేరుగా అడిగినప్పుడు. మనిషి కంటికి ఒకేలా ఉన్న రెండు అంకెల పక్కన ‘టాలీ కాలేదు’ అన్న ఎర్ర గుర్తు పడుతుంది.

కొన్ని కార్డులు ప్రతిసారీ మొదటి నుంచి కూడవు. పాత మొత్తాన్ని దగ్గర పెట్టుకుని కొత్త అమ్మకాన్ని కలుపుతాయి, వాపసు వస్తే తీసేస్తాయి. ఇలాంటి నడుస్తున్న మొత్తంలో ప్రతి మెట్టులోని లోటూ తర్వాతి మెట్టుకు వారసత్వంగా వెళ్తుంది. ఖాతాలో 30 పైసలుండగా పది పైసల చొప్పున మూడుసార్లు తీసేస్తే సున్నా మిగలాలి. డబుల్ రూపంలో 0.3 − 0.1 − 0.1 − 0.1 లెక్క −2.7755575615628914e-17 ఇస్తుంది. దాన్ని రెండు స్థానాలకు చూపితే తెర మీద −0.00 అని కనిపిస్తుంది. పట్టికలో 0.00, కార్డులో −0.00 ఉంటే ఆ కార్డు నడుస్తున్న మొత్తం మీద ఆధారపడిందని దాదాపు తేల్చి చెప్పవచ్చు.

నడుస్తున్న మొత్తం ఎంత దూరం పోగలదో కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్చేంజ్ అనుభవం చెబుతుంది. అక్కడ 1982 జనవరిలో 1000 విలువతో కొత్త సూచీ మొదలైంది. ప్రతి లావాదేవీ తర్వాతా పాత విలువ మీదే కొత్త విలువ లెక్కగట్టేవారు. రోజుకు దాదాపు 3 వేల సార్లు ఈ లెక్క జరిగేది. ప్రతిసారీ మూడు దశాంశ స్థానాలు ఉంచి మిగతాది రౌండాఫ్ చేయకుండా నరికేసేవారు. నరికినప్పుడు పోయేది సగటున 0.0005 మాత్రమే. అయితే అది ఎప్పుడూ కిందికే పోతుంది కాబట్టి రోజుకు దాదాపు ఒకటిన్నర పాయింట్లు ఆవిరయ్యాయి. 1983 నవంబరు నాటికి సూచీ 524.811 దగ్గరికి జారింది. సరైన పద్ధతిలో మొదటి నుంచి లెక్కిస్తే అది 1098.892 అని తేలింది. మార్కెట్ పెరిగింది, సూచీ సగానికి పడిపోయింది. షేర్ల ధరల పట్టిక అంతా సరిగ్గానే ఉంది. పైనున్న ఒక్క అంకే తప్పు.

తెర మీది అంకె, లోపలి అంకె

లోపలి లెక్క అంతా ఖచ్చితంగా ఉన్నా చూపే తీరు వల్ల కూడా తేడా కనిపిస్తుంది. నాలుగు బ్రాంచీల అమ్మకాలు లక్షల్లో ఇలా ఉన్నాయనుకుందాం. విజయవాడ 12.44, గుంటూరు 8.33, వరంగల్ 15.23, కర్నూలు 9.42. అసలు మొత్తం 45.42 లక్షలు. పట్టిక ఒక్క దశాంశ స్థానమే చూపితే 12.4, 8.3, 15.2, 9.4 కనిపిస్తాయి. వాటిని చూసి కూడిన వ్యక్తికి 45.3 వస్తుంది. కార్డు 45.4 చెబుతుంది. తేడా 0.1 అంటే చిన్నదిగా అనిపిస్తుంది కానీ లక్షల్లో అది పది వేల రూపాయలు.

ఇక్కడ కార్డు చెప్పిందే సరి. మొత్తాన్ని ఎప్పుడూ పూర్తి అంకెల నుంచే కూడాలి, చూపించే ముందు ఒక్కసారి రౌండాఫ్ చేయాలి. ఆ ఒక్కసారి అన్న మాట కూడా ముఖ్యమే. డేటాబేసు 45.449ను ముందే 45.45 చేసి పంపితే, తెర దాన్ని మళ్లీ 45.5 చేస్తుంది. నేరుగా చేసి ఉంటే 45.4 వచ్చేది. రెండుసార్లు రౌండాఫ్ చేస్తే మొదటిది దాటించిన అంచును రెండోది ఖాయం చేస్తుంది.

చూపిన భాగాలు చూపిన మొత్తానికి కచ్చితంగా సరిపోవాల్సిన అచ్చు నివేదికల కోసం ఒక పద్ధతి ఉంది. ముందు అన్ని భాగాలనూ కిందికి దించి, మొత్తానికి తగ్గిన వంతులను, ఎక్కువ శేషం పోగొట్టుకున్న వాటికి ఒక్కొక్కటి చొప్పున ఇస్తారు. పై ఉదాహరణలో 0.1 తగ్గింది, శేషం ఎక్కువ విజయవాడకే కాబట్టి అది 12.5 అవుతుంది. జనాభాను బట్టి చట్టసభ సీట్లు పంచడానికి అమెరికాలో అలెగ్జాండర్ హామిల్టన్ 1792లో సూచించిన పద్ధతి ఇదే. మూడు సమాన వాటాలు 33.3 చొప్పున కూడి 99.9 శాతమే వచ్చే చోట ఇది పనికొస్తుంది. ఖాతాల పట్టికలో మాత్రం వాడకూడదు. 12.44ను 12.5గా చూపడం విడిగా చూస్తే తప్పు, పైగా అదే బ్రాంచి మరో పేజీలో 12.4గా కనిపించి కొత్త తేడాను పుట్టిస్తుంది. అక్కడ లోపలి విలువను అడిగినవారికి చూపే ఏర్పాటు, దశాంశాలు కుదించినందున వరుసల కూడికలో స్వల్ప తేడా ఉండవచ్చన్న చిన్న గమనిక చాలు.

సరిపోయేలా కట్టడం

మొదటి నిర్ణయం సాంకేతికమైనది కాదు, లెక్కలవారిది. ఏ అంకెను అసలుదిగా ఒప్పుకోవాలి? బిల్లు విషయంలో జవాబు సులభం. కొనుగోలుదారు చేతిలోని కాగితం మీద ₹2.68 ఉంటే ఆ 2.68 జరిగిపోయిన వాస్తవం. దాన్ని బిల్లు వేసిన క్షణంలోనే లెక్కగట్టి, రౌండాఫ్ చేసి, వరుసతో పాటు దాచాలి. ఆ తర్వాత ఏ కార్డూ, ఏ పట్టికా పన్నును తిరిగి లెక్కగట్టకూడదు, దాచిన దాన్ని కూడాలి అంతే. అప్పుడు మొత్తం ₹2,680 ఒక్కటే మిగులుతుంది. దీనికి మరో లాభం కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అనేక సరుకుల మీద జీఎస్టీ రేట్లు మారాయి. రేటుతో గుణించి మొత్తం తెచ్చే కార్డు పాత నెలల అమ్మకాలకు కొత్త రేటు వేసే ప్రమాదం ఉంది. దాచిన పన్నును కూడే కార్డుకు ఆ ప్రమాదం లేదు.

రెండోది సంఖ్యల రూపం. డబ్బును డేటాబేసులో `NUMERIC` లేదా `DECIMAL` కాలమ్‌లో ఉంచాలి. ఇవి పది ఆధారంగా దాస్తాయి కాబట్టి 2.675 అంటే 2.675గానే ఉంటుంది. ప్రోగ్రాం వైపు రెండు దారులున్నాయి. పైథాన్‌లోని `Decimal` వంటి రకాన్ని వాడవచ్చు:

```python
from decimal import Decimal, ROUND_HALF_UP
tax = Decimal("53.50") * Decimal("0.05")
tax.quantize(Decimal("0.01"), ROUND_HALF_UP)   # 2.68
```

ఇక్కడ సంఖ్యలు కొటేషన్ గుర్తుల మధ్య ఉండటం అలంకారం కాదు. `Decimal(0.05)` అని రాస్తే ముందు డబుల్ రూపం తయారై, దానిలోని లోటు అంతా అలాగే లోపలికి వస్తుంది. ఇంకో విశేషం, పైథాన్‌లో `ROUND_HALF_UP` సగాన్ని సున్నా నుంచి దూరంగా పంపుతుంది కాబట్టి అమ్మకం, వాపసు సరిగ్గా రద్దవుతాయి. ఇదే పేరు మరో భాషలో మరో అర్థంతో ఉండవచ్చు. అందుకే పేరును నమ్మకుండా −2.675 ఇచ్చి ఏమొస్తుందో చూడటం మంచిది.

రెండో దారి రూపాయలను పక్కనపెట్టి పైసల్లో పూర్ణ సంఖ్యలుగా లెక్కించడం. 5350 పైసలను అయిదుతో గుణిస్తే 26750. దానికి 50 కలిపి వందతో పూర్ణ భాగహారం చేస్తే 268 పైసలు. పూర్ణ సంఖ్యల కూడికలో వరుస మారినా ఫలితం మారదు, కాబట్టి రిఫ్రెష్‌తో ఊగే అంకె సమస్య మూలంలోనే పోతుంది. జావాస్క్రిప్ట్ సంఖ్యలన్నీ డబుల్ రూపంలోనే ఉన్నా 9,00,71,99,25,47,40,991 వరకు పూర్ణ సంఖ్యలు అందులో ఖచ్చితంగా ఇముడుతాయి. పైసల్లో చూస్తే అది 90 లక్షల కోట్ల రూపాయలు. 32 బిట్ల చిన్న ఫ్లోటింగ్ రూపానికి మాత్రం డబ్బును అప్పగించకూడదు. ₹1,31,072 దాటితే దాని మెట్టు ఒకటిన్నర పైసా అవుతుంది, అంటే పక్కపక్కనే ఉన్న రెండు పైసల విలువలు ఒకటిగా కలిసిపోవచ్చు.

మూడోది, కార్డుకూ పట్టికకూ ఒకే లెక్క, ఒకే క్షణం. రెండిటికీ విడివిడి ప్రశ్నలు రాయకుండా ఒకే నిర్వచనం నుంచి రెండూ రావాలి. పట్టిక చివరి వరుసలోని మొత్తాన్ని, కార్డులోని మొత్తాన్ని ఒకే చోట లెక్కగట్టి రెండు చోట్లా చూపాలి. కార్డు పది గంటలకు, పట్టిక పది గంటల రెండు నిమిషాలకు డేటా తెచ్చుకుంటే మధ్యలో పడిన బిల్లు ఒకదానిలో ఉండి మరోదానిలో లేకపోతుంది. అందుకే రెండూ డేటాబేసు ఒకే స్థితి నుంచి చదవాలి, ఆ స్థితి సమయాన్ని తెర మీద చూపాలి. వేగం కోసం నడుస్తున్న మొత్తం తప్పనిసరైతే దాన్ని పైసల పూర్ణ సంఖ్యగా ఉంచి, రోజుకోసారైనా మొదటి నుంచి కూడి సరిచూడాలి.

తేడా పరిమాణమే జాడ

ఇప్పటికే నడుస్తున్న డాష్‌బోర్డులో తేడా కనిపిస్తే మొదట చూడాల్సింది దాని పరిమాణం. రెండు మొత్తాలనూ పూర్తి అంకెలతో బయటికి తీసి ఒకదాని నుంచి ఒకటి తీసేయాలి. తేడా 0.0000000001 స్థాయిలో ఉంటే అది ఫ్లోటింగ్ పాయింట్ కూడిక వరుస నుంచి వచ్చింది. పైసల్లో ఉండి, వరుసల సంఖ్యను అర పైసాతో గుణించిన హద్దు లోపల ఉంటే రౌండాఫ్ చోటులో తేడా. ఆ హద్దు దాటి, రెట్టింపు లోపల ఉంటే రెండు వైపులా వేర్వేరుగా రౌండాఫ్ జరిగింది. ₹2,680, ₹2,670 మధ్య తేడా అలాంటిదే. రెట్టింపు హద్దునూ దాటితే రౌండాఫ్‌ను తప్పుపట్టి లాభం లేదు. అక్కడ వెతకాల్సింది ఫిల్టర్లను, రెండుసార్లు చేరిన వరుసలను, రిఫ్రెష్ సమయాల తేడాను.

రిఫ్రెష్ పూర్తయిన ప్రతిసారీ రెండు మొత్తాలనూ పైసల్లో పోల్చే చిన్న తనిఖీని పెట్టుకుంటే ఈ వెతుకులాట వాడుకదారు ఫిర్యాదు చేసే దాకా ఆగదు. ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలు పోల్చేటప్పుడు కొంత సడలింపు ఇవ్వడం మామూలు. పైసల పూర్ణ సంఖ్యలకు ఆ సడలింపు అక్కర్లేదు, తేడా సున్నా కావాలి. ఒక్క పైసా సడలింపు ఇచ్చినా, నిజంగా తప్పిపోయిన చిన్న బిల్లు దాని చాటున దాక్కోవచ్చు.

ఇవన్నీ పాటించినా ఒక చోట అంకెలు కలవవు. కేంద్ర పన్ను, రాష్ట్ర పన్ను రెండున్నర శాతం చొప్పున విడిగా వేసే బిల్లుకూ, అంతర్రాష్ట్ర అమ్మకం కింద ఒకే 5 శాతం వేసే బిల్లుకూ మధ్య ఆ తేడా ఉంటుంది. ₹20.10 సరుకు మీద మొదటి పద్ధతిలో 50 పైసలు, 50 పైసలు కలిసి ₹1.00 వస్తుంది. రెండో పద్ధతిలో 1.005 కాస్తా ₹1.01 అవుతుంది. ఇది దోషం కాదు, రెండు వేర్వేరు పన్నుల లెక్క. ఈ రెండు రకాల బిల్లులనూ కార్డు ఒకే శాతంతో గుణించి చూపితే పట్టికతో ఎప్పటికీ కలవదు, బిల్లుల్లో దాచిన అంకెలను కూడితే పైసాతో సహా కలుస్తుంది.